ఏటీఎంలో రాని పది వేలు, నెల దాటిన ఫిర్యాదు: ఆర్‌బీఐ పోర్టల్‌కు వెళ్లే ముందు

ప్రశ్న: మార్చి 3న వేరే బ్యాంకు ఏటీఎంలో పది వేలు తీయబోతే డబ్బు రాలేదు, ఖాతాలో మాత్రం కట్ అయింది. ఆ రాత్రే మా బ్యాంకు కస్టమర్ కేర్‌కి ఫోన్ చేశాను, ఫిర్యాదు నంబరుతో ఎస్సెమ్మెస్ వచ్చింది. మార్చి 12న బ్రాంచిలో లెటర్ ఇచ్చి స్టాంప్ వేయించుకున్నాను. మేనేజర్ గారేమో "అది మా ఏటీఎం కాదు, ఆ బ్యాంకునే అడగండి" అంటున్నారు. ఈ రోజు ఏప్రిల్ 10, ఇప్పటికీ "ప్రాసెస్‌లో ఉంది" అనే మెసేజ్ తప్ప ఏమీ లేదు. నెల దాటితే ఆర్‌బీఐకి వెళ్లొచ్చంటున్నారు. ఎలా వెళ్లాలి? డబ్బు వస్తుందా?

జవాబు:

వెళ్లొచ్చు. కానీ ఈ రోజు కాదు, ఎల్లుండి వేయండి. కారణం చెప్తాను. నేను బ్యాంకులో ఏటీఎం లెక్కలు సరిచూసే డెస్క్‌లో చాలాకాలం పనిచేశాను, బ్యాంకుల మీద వచ్చే ఫిర్యాదులు విచారించే ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్ ఆఫీసు నుంచి వచ్చే ఫైళ్లకు జవాబులు తయారుచేయడం కూడా మా పనే. అక్కడ చూసిందాన్ని బట్టి చెప్తున్నా, ఇలాంటి ఫిర్యాదుల్లో చాలావరకు పోయేది డబ్బు దగ్గర కాదు, తేదీ దగ్గర.

ఆర్‌బీఐ ముందు చూసేది మీ పది వేలు ఏమయ్యాయని కాదు. "ముందు మీ బ్యాంకుకి రాతపూర్వకంగా చెప్పారా, ఏ రోజు చెప్పారు, అప్పటి నుంచి 30 రోజులు గడిచాయా, గడవకపోతే బ్యాంకు మీ ఫిర్యాదు కొట్టేసిందా లేక మీకు తృప్తి లేని జవాబు ఇచ్చిందా" అని మాత్రమే. దీనికి కాగితంతో సమాధానం చూపించలేకపోతే లోపలి విషయం ఎవరూ చదవరు, విచారణకు అర్హం కాదని మూసేస్తారు. 2021 నవంబరులో వచ్చిన సమీకృత అంబుడ్స్‌మన్ పథకం ఇలాగే మొదలవుతుంది.

ఇక్కడ మీకు రెండు తేదీలున్నాయి. మార్చి 3 ఫోన్ ఫిర్యాదు, మార్చి 12 లెటర్. ఫోన్ ఫిర్యాదు చెల్లదని చాలామంది అనుకుంటారు కానీ అది పూర్తిగా నిజం కాదు. ఫిర్యాదు చేశానని రుజువు చూపించగలిగితే వేరే మార్గంలో చేసింది కూడా రాతపూర్వక ఫిర్యాదు కిందికే వస్తుందని 2021 పథకంలోనే వివరణ ఉంది. మీ దగ్గర నంబరుతో ఎస్సెమ్మెస్ ఉంది కాబట్టి మార్చి 3 నుంచి లెక్కిస్తే గడువు ఎప్పుడో దాటింది. అయినా నేనైతే మార్చి 12 లెటర్‌నే ముందు పెడతాను. ఎస్సెమ్మెస్‌లో ఏముంటుంది? "మీ ఫిర్యాదు నమోదైంది, నంబరు ఇంత" అంతే. దేని గురించి, ఎంత డబ్బు, ఏ ఏటీఎం అనేది అందులో ఉండదు. బ్యాంకు వాళ్లు "అది బ్యాలెన్స్ గురించి చేసిన కాల్" అని అన్నా మీ చేతిలో తిప్పికొట్టే కాగితం ఉండదు. స్టాంప్ ఉన్న లెటర్‌తో ఆ బాధ లేదు. మార్చి 12 నుంచి ముప్ఫయ్యో రోజు ఏప్రిల్ 11 అవుతుంది, కాబట్టి 12న వేయండి. రెండు రోజులు ఆగితే పోయేదేమీ లేదు, తొందరపడితే మాత్రం ఫైలు మూతపడి మళ్లీ మొదటికొస్తుంది. ఫారంలో బ్యాంకుకు ఫిర్యాదు చేసిన తేదీ అడిగిన చోట మార్చి 12 అని వేసి, మార్చి 3 కాల్ సంగతి వివరంలో రాయండి.

"ప్రాసెస్‌లో ఉంది" అనే మెసేజ్ జవాబు కిందికి రాదు, అది చూసి గడువు మళ్లీ మొదలైందేమోనని టెన్షన్ పడకండి. మీరు పంపే రిమైండర్ల వల్ల కూడా 30 రోజుల లెక్క ముందుకు జరగదు, మొదటి ఫిర్యాదు తేదీయే తేదీ. కానీ 'మీ ఫిర్యాదు పరిష్కరించాం, క్లోజ్ చేశాం' అనే మెసేజ్ వస్తే అది జవాబే, దాన్ని దాచండి. అలాంటిది వచ్చి ఉంటే 30 రోజులు ఆగక్కర్లేదు కూడా. ఇక మరీ ఆలస్యం చేయడానికీ పరిమితి ఉంది. 2021 పథకంలో బ్యాంకు జవాబు ఇచ్చినప్పటి నుంచి ఏడాది, జవాబే రాకపోతే ఆ 30 రోజులు పోయాక ఏడాది ఇచ్చారు. పథకం మార్చినప్పుడల్లా ఈ అంకె మారొచ్చు కాబట్టి దాని మీద ఆధారపడకండి. గడువు దాటిన వారంలోపే వేసేయండి.

మేనేజర్ గారు చెప్పింది తప్పు. కార్డు ఏ బ్యాంకు ఇచ్చిందో ఆ బ్యాంకే మీకు జవాబుదారీ, ఏటీఎం ఎవరిదైనా సరే. మీ బ్యాంకు, బ్యాంకుల మధ్య లావాదేవీలు నడిపే ఎన్‌పీసీఐ నెట్‌వర్క్ ద్వారా ఏటీఎం ఉన్న బ్యాంకు మీద చార్జ్‌బ్యాక్, అంటే డబ్బు వెనక్కి అడిగే క్లెయిమ్, వేస్తుంది. వాళ్లు డబ్బు వెనక్కి ఇవ్వాలి, లేదంటే నోట్లు బయటికొచ్చాయని రుజువు పంపాలి. ఇదంతా ఆ రెండు బ్యాంకుల మధ్య వ్యవహారం, మధ్యలో మీరు తిరగాల్సిన పని లేదు. కాబట్టి పోర్టల్‌లో ఎవరి మీద ఫిర్యాదు అన్న చోట మీ బ్యాంకు పేరే ఎంచుకోండి. ఏటీఎం బ్యాంకు పేరు ఎంచుకుంటే, వాళ్లకు మీరు ముందుగా ఫిర్యాదే చేయలేదు కదా, మొదటి మెట్టులోనే ఆగిపోతుంది. నాకు తెలిసి ఇలా తప్పు పేరు ఎంచుకుని పోగొట్టుకున్నవాళ్లు తక్కువేం కాదు.

ఇప్పుడు ఎంత అడగాలో చూద్దాం. చాలామంది పది వేలే అడిగి ఊరుకుంటారు, లేదా కోపంలో మానసిక వేదనకు లక్ష రాసేస్తారు. రెండూ వద్దు. 2019 సెప్టెంబరు 20న ఆర్‌బీఐ ఒక సర్క్యులర్ ఇచ్చింది, విఫలమైన లావాదేవీ డబ్బు ఎన్ని రోజుల్లో వెనక్కి వేయాలి, వేయకపోతే రోజుకెంత కట్టాలి అని. ఏటీఎంలో డబ్బు రాక ఖాతాలో కట్ అయితే లావాదేవీ రోజు తర్వాత 5 రోజుల్లోపు వెనక్కి వేయాలి. దాటితే రోజుకు 100 రూపాయలు. ఇవి క్యాలెండర్ రోజులే, ఆదివారాలు, సెలవులు తీసేయడం లేదు. పైగా ఈ వంద మీరు అడిగితే ఇచ్చేది కాదు, బ్యాంకే తనంతట తాను ఖాతాలో వేయాలని సర్క్యులర్‌లో ఉంది. ఆచరణలో ఎంతమందికి అలా పడుతుందో మీకు తెలిసిందే.

మీ లెక్క ఇలా వస్తుంది. లావాదేవీ మార్చి 3. ఐదు రోజుల గడువు మార్చి 8తో అయిపోయింది. మార్చి 9 నుంచి నెలాఖరు వరకు 23 రోజులు, ఏప్రిల్‌లో ఫిర్యాదు వేసే 12వ తేదీ వరకు 12 రోజులు. మొత్తం 35 రోజులు, అంటే 3,500. కాబట్టి అడగాల్సింది 10,000 అసలు, ఏప్రిల్ 12 వరకు 3,500 పరిహారం, ఆ తర్వాత డబ్బు పడే రోజు వరకు రోజుకు 100 చొప్పున. ఈ లెక్కను ఫారంలో ఇదే మాటల్లో రాయండి. ఎదురుగా ఇంత స్పష్టమైన అంకె ఉంటే బ్యాంకులో ఫైలు చూసే మనిషికి వాదించడానికి ఏమీ మిగలదు. వేదనకు పరిహారం ఇప్పించే అధికారం అంబుడ్స్‌మన్‌కి ఉంది, కానీ దానికి కారణం చూపించాలి. బ్రాంచి చుట్టూ తిప్పారని మాత్రం రాస్తే బలం రాదు, ఆ డబ్బు లేక చెక్కు బౌన్స్ అయి చార్జీ పడిందనో, ఈఎంఐ తప్పిందనో ఉంటే ఆ స్టేట్‌మెంట్ జతచేసి అడగండి.

ఒక్క మాట పక్కకి. ఇది చదివే వాళ్లలో యూపీఐ కేసులున్నవాళ్లు ఉంటారు, మీకు గడువు వేరు. మనిషికి పంపిన డబ్బు మీ ఖాతాలో కట్ అయి అవతల పడకపోతే ఒక్క రోజే గడువు, వ్యాపారికి కట్టింది ఖరారు కాకపోతే 5 రోజులు, ఆపైన అదే వంద. యాప్‌లో పెట్టిన టికెట్ ఒక్కటే నమ్ముకోకుండా బ్యాంకుకి కూడా విడిగా ఫిర్యాదు పెట్టి నంబరు తీసుకోండి. మీరే తప్పు నంబరుకి పంపి, అది అవతల ఖాతాలో పడిపోయుంటే అది విఫలమైన లావాదేవీ కాదు, ఈ వంద రూపాయల లెక్క దానికి వర్తించదు. మోసగాళ్లు కొట్టేసిన డబ్బుకీ ఇది కాదు, దానికి 2017లో వచ్చిన వేరే నిబంధనలున్నాయి.

సరే, పోర్టల్. చిరునామా cms.rbi.org.in, దీన్ని బ్రౌజర్‌లో మీరే టైప్ చేయండి. గూగుల్‌లో వెతికి పైన కనిపించిన ఫోన్ నంబరుకి కాల్ చేయొద్దు, ఆర్‌బీఐ పేరు చెప్పి దోచుకునే వాళ్లు కాచుకుని ఉంటారు. ఫిర్యాదుకు రూపాయి ఫీజు లేదు, ఎవరైనా ఫీజు అడిగారంటే దొంగే. ఫైల్ ఎ కంప్లయింట్ అనే దాంట్లోకి వెళ్తే మీ మొబైల్‌కి ఓటీపీ వస్తుంది, తర్వాత మీ వివరాలు, బ్యాంకు పేరు, ముందు బ్యాంకుకి ఫిర్యాదు చేశారా, ఏ తేదీన, జవాబొచ్చిందా, కోర్టులో ఏమైనా నడుస్తోందా అని వరసగా అడుగుతుంది. లాయర్ ద్వారా వేస్తున్నారా అని కూడా ఉంటుంది. లాయర్ ద్వారా వేస్తే ఈ పథకంలో తీసుకోరు, మీకు మీరే వేయాలి, లేదా లాయర్ కాని ఇంట్లోవాళ్లలో ఒకరికి అధికారం రాసివ్వొచ్చు. వినియోగదారుల కమిషన్‌లో ఇదే విషయం మీద కేసు వేసి ఉంటే ఇక్కడికి రాకూడదు, రెండింట్లో ఒకటే.

జతచేయాల్సినవి మీ విషయంలో నాలుగే. స్టాంప్ ఉన్న లెటర్ కాపీ, అందులో స్టాంప్ మీది తేదీ చదవగలిగేలా ఉండాలి. మార్చి 3 ఎస్సెమ్మెస్ స్క్రీన్‌షాట్, పంపిన వాళ్ల పేరు, తేదీ కనపడేలా. ఆ లావాదేవీ ఉన్న స్టేట్‌మెంట్ పేజీ. 'ప్రాసెస్‌లో ఉంది' మెసేజ్‌ల స్క్రీన్‌షాట్. స్లిప్ ఉంటే పెట్టండి, లేకపోయినా ఫర్వాలేదు, స్టేట్‌మెంట్‌లో ఆ లావాదేవీ పక్కన ఉన్న అంకెలతోనే వాళ్లు వెతికి పట్టుకోగలరు. కార్డు నంబరు చివరి నాలుగు అంకెలు చాలు, పిన్, సీవీవీ ఎక్కడా రాయకండి.

వివరం రాసే చోట కథ వద్దు. మీ కేసుకి నేనైతే ఇంతే రాస్తాను:

"2 నిమిషాల్లో చదవగలిగేలా వాస్తవాలు ఇవి. మార్చి 3 రాత్రి ఫలానా బ్యాంకు ఏటీఎంలో 10,000 తీయడానికి ప్రయత్నించాను, నోట్లు బయటికి రాలేదు, నా ఖాతాలో 10,000 తగ్గింది. అదే రాత్రి నా బ్యాంకు కస్టమర్ కేర్‌లో ఫిర్యాదు చేశాను, నంబరు ఇది. మార్చి 12న బ్రాంచిలో లిఖితపూర్వకంగా ఇచ్చాను, స్టాంప్ కాపీ జతచేశాను. 30 రోజులు దాటినా తుది జవాబు రాలేదు, డబ్బు రాలేదు. 10,000 అసలు, మార్చి 9 నుంచి డబ్బు జమ చేసే రోజు వరకు రోజుకు 100 చొప్పున పరిహారం (ఏప్రిల్ 12 నాటికి 3,500) ఇప్పించమని కోరుతున్నాను. లావాదేవీ సఫలమైందని బ్యాంకు అంటే ఆ ఏటీఎం ఈజే లాగ్, ఆ రోజు క్యాష్ బ్యాలెన్సింగ్ రిపోర్టు, సీసీటీవీ ఫుటేజ్ సమర్పించమని ఆదేశించగలరు."

మొదటి వాక్యం మీ ఇష్టం, తీసేసినా నష్టం లేదు. చివరి వాక్యం మాత్రం తీయొద్దు. ఎందుకంటే ఈ కేసులో బ్యాంకుకి ఉన్న ఒకే ఒక్క సమాధానం 'మా రికార్డుల ప్రకారం లావాదేవీ సఫలం' అన్నది. ఆ మాట వెనక ఏముందో చూపించమని ముందే అడిగినట్టవుతుంది.

ఈజే లాగ్ అంటే ఆ మెషీన్ తన పని తాను రాసుకునే చిట్టా. ప్రతి లావాదేవీకి ఏ నిమిషంలో కార్డు పెట్టారు, ఎంత అడిగారు, ఏ పెట్టెలోంచి ఎన్ని నోట్లు లాగింది, అవి కస్టమర్ చేతికి వెళ్లాయా అన్నది ఉంటుంది. కొన్ని మెషీన్లలో NOTES PRESENTED, NOTES TAKEN అని రెండు వరసలు వేరువేరుగా కనిపిస్తాయి, ఇంకొన్నింటిలో మాటలు మారతాయి. మొదటిది ఉండి రెండోది లేకపోతే నోట్లు మూతి దాకా వచ్చి ఎవరూ తీయలేదనో, మెషీన్ వెనక్కి లాగేసుకుందనో అర్థం. కానీ మెషీన్ చిట్టాలో అన్నీ సరిగ్గా ఉన్నట్టు కనిపించి నోట్లు మాత్రం లోపలే ఇరుక్కున్న సందర్భాలూ నేను చూశాను. అప్పుడు తేల్చేది క్యాష్ బ్యాలెన్సింగ్. డబ్బు నింపే ఏజెన్సీ వాళ్లు వచ్చి లెక్కపెట్టినప్పుడు ఉండాల్సిన దానికన్నా సరిగ్గా పది వేలు ఎక్కువ తేలితే ఆ పది వేలు ఎవరివో వేరే చెప్పక్కర్లేదు. సీసీటీవీ ఫుటేజ్ కొన్నాళ్లకు చెరిగిపోతుంది, అందుకే ఇవాళే మీ బ్యాంకుకి ఒక చిన్న మెయిల్ పెట్టండి, ఫలానా రోజు ఫుటేజ్ భద్రపరచమని ఏటీఎం బ్యాంకుకి చెప్పండని. అది పెట్టినా 30 రోజుల లెక్కకి ఏ అడ్డూ రాదు.

ఫిర్యాదు వేయగానే నంబరు వస్తుంది, పీడీఎఫ్ దింపుకోండి. అక్కడి నుంచి ముందు అర్హత చూస్తారు, ఆ తర్వాత అంబుడ్స్‌మన్ ఆఫీసుకి వెళ్తుంది. మీ రాష్ట్రంలోని ఆఫీసుకే వెళ్లాలని లేదు, 2021 నుంచి ఆ ప్రాంతాల హద్దులు తీసేశారు, వేరే ఊరి ఆఫీసు నుంచి మెయిల్ వస్తే అనుమానపడకండి. వాళ్లు బ్యాంకుని 15 రోజుల్లో కాగితాలతో సహా జవాబివ్వమంటారు. కంప్యూటర్ అలవాటు లేని పెద్దవాళ్లుంటే చండీగఢ్‌లోని ఆర్‌బీఐ కేంద్రానికి పోస్టులో తెలుగులోనే రాసి పంపొచ్చు, crpc@rbi.org.in కి మెయిల్ చేయొచ్చు. 14448 అనే ఉచిత నంబరు కూడా ఉంది, అది సందేహాలకు, స్థితి తెలుసుకోవడానికి.

ఇక్కడి నుంచి అసలు సంగతి మొదలవుతుంది. నెల రోజులు పలకని బ్యాంకు అంబుడ్స్‌మన్ ఆఫీసు మెయిల్ అందగానే ఒక్కసారిగా నిద్ర లేస్తుంది. మీకు బ్రాంచి నుంచి కాకుండా పై ఆఫీసు నుంచి ఫోన్ వస్తుంది, 'సార్, మీ డబ్బు ఇవాళ వేసేస్తున్నాం, ఫిర్యాదు వెనక్కి తీసుకున్నట్టు ఒక మెయిల్ పెట్టండి' అని. మర్యాదగానే మాట్లాడతారు. మీరూ మర్యాదగానే 'ముందు ఖాతాలో పడనివ్వండి, చూసి చెప్తాను' అనండి. పడ్డాక స్టేట్‌మెంట్ చూడండి. 10,000 ఒక్కటే పడితే మిగిలిన పరిహారం సంగతి రాస్తూ అంబుడ్స్‌మన్ ఆఫీసు నుంచి వచ్చిన ఆ మెయిల్‌కే జవాబు ఇవ్వండి: అసలు ఫలానా తేదీన అందింది, మార్చి 9 నుంచి ఆ తేదీ వరకు ఇన్ని రోజులకు ఇంత పరిహారం రాలేదు, అందుకని ఫిర్యాదు పరిష్కారమైనట్టు ఒప్పుకోవడం లేదు. ఇది రాయకుండా ఊరుకుంటే పరిష్కారమైందని మూసేసే అవకాశం ఎక్కువ. ఈ ఉత్తరప్రత్యుత్తరాలు ఫోన్‌లో కాకుండా రాతలోనే జరగాలి, ఫోన్‌లో ఎవరేం అన్నారో తర్వాత ఎవరికీ గుర్తుండదు.

ఒకవేళ మీ డబ్బు వేయకుండా లావాదేవీ సఫలమనే నిలబడితే వాళ్లు ఇచ్చిన కాగితాల కాపీ అడగండి. ఈజే లాగ్‌లో మీ లావాదేవీ సమయం, మొత్తం మీ స్టేట్‌మెంట్‌తో సరిపోతున్నాయా అన్నది మొదట చూడాలి, పక్కనున్న వేరే కస్టమర్ ఎంట్రీ పంపిన ఫైళ్లు కూడా ఉంటాయి. క్యాష్ బ్యాలెన్సింగ్ రిపోర్టు అసలు పంపకపోతే అదే మాట రాయండి.

విచారణకు అర్హం కాదని మెయిల్ వస్తే అంతటితో అయిపోయిందని అనుకోకండి. కారణం చదవండి. '30 రోజులు కాలేదు' అనో, 'బ్యాంకుకి ఫిర్యాదు చేసిన రుజువు లేదు' అనో ఉంటే ఆ లోపం సరిచేసి కొత్తగా వేయొచ్చు, దానికి అప్పీలు అక్కర్లేదు, ఉండదు కూడా. లోపలి విషయం చూశాక తిరస్కరిస్తేనే, అదీ కొన్ని రకాల కారణాలకే, పై అధికారికి అప్పీలు ఉంది, ఉత్తర్వు అందిన 30 రోజుల్లో వేయాలి. మీకు అనుకూలంగా అవార్డు, అంటే అంబుడ్స్‌మన్ తీర్పు, వస్తే మాత్రం ఒకటి మర్చిపోకండి: దాన్ని ఒప్పుకుంటున్నట్టు 30 రోజుల్లో బ్యాంకుకి రాతపూర్వకంగా తెలియజేయాలి, లేకపోతే ఆ అవార్డు చెల్లకుండా పోతుంది.